మగ్గం విలువ ఏటా ఎంత తరుగుతుంది?

వై.ఎన్.హొసకోటలో కొత్తగా మరమగ్గం వేసుకున్నవాళ్లకు మొదటి ఏడాది లెక్కలు ఆడిటరు చేతికి వెళ్లే వేళకు ఒక సందేహం వస్తుంది. మగ్గం మీద పది లక్షలు పెట్టాం కదా, ఈ ఏటి లాభంలోంచి అందులో ఎంత తీసేసుకోవచ్చు? ఆడిటరు ఒక అంకె చెబుతాడు. ఇంట్లో రాసుకున్న లెక్కలో మరో అంకె ఉంటుంది. రెండూ కలవవు. ఎవరి లెక్క తప్పని మథనపడేవాళ్లు ఎక్కువ. నిజానికి రెండూ ఒప్పే కావచ్చు. అదెలాగో ఒక మగ్గం లెక్కతోనే చూద్దాం.

ఉదాహరణకు ఇద్దరు అన్నదమ్ములు భాగస్వామ్య సంస్థ పెట్టి పట్టు చీరలు నేయిస్తున్నారనుకుందాం. 2022 ఏప్రిల్ 1న రెండు మరమగ్గాలు, వాటి మీద ఎలక్ట్రానిక్ జకార్డులు బిగించి నేత మొదలుపెట్టారు. రవాణా, బిగింపు, కరెంటు పని అన్నీ కలిపి 10,00,000 రూపాయలు అయింది. నేతకు పనికిరాకుండా పోయాక పాత ఇనుము కింద అమ్మితే 50,000 వస్తుందని, పదేళ్లు పనిచేస్తాయని వాళ్ల అంచనా. అంకెలు లెక్క సులువుగా ఉండటానికి పెట్టినవే. పద్ధతి మాత్రం ఎవరి మగ్గానికైనా ఒకటే.

డబ్బు మొదటి రోజే చేతి నుంచి పోయింది. అయినా ఆ పది లక్షలనూ మొదటి ఏటి ఖర్చుగా రాస్తే ఆ ఏడు ఘోరమైన నష్టం, తర్వాత తొమ్మిదేళ్లు లేని లాభం కనిపిస్తాయి. మగ్గం పదేళ్లు చీరలు ఇస్తుంది కాబట్టి దాని ఖర్చును ఆ పదేళ్ల చీరల మీదా పరచాలి. ఏటా లెక్కలో రాసే ఆ వాటానే తరుగుదల అంటాం. ఆ ఏడు దానికోసం మళ్లీ డబ్బు కట్టేది ఏమీ ఉండదు. ముందే పెట్టిన ఖర్చును ముక్కలు చేసి రాయడమే. ఆ ముక్కలు సమానంగా ఉండాలా, మొదట పెద్దవిగా ఉండి పోనుపోను చిన్నవి కావాలా అన్న దగ్గర రెండు పద్ధతులు విడిపోయాయి.

సరళరేఖ పద్ధతిలో ముక్కలు సమానం. పది లక్షల్లోంచి చివరికి చేతికొచ్చే 50,000 తీసేస్తే అరిగిపోయేది 9,50,000. పదేళ్లకు పంచితే ఏడాదికి 95,000. మొదటి ఏడైనా పదో ఏడైనా అదే అంకె. కాగితం మీద గీత గీస్తే మగ్గం విలువ మెట్టు తప్పకుండా తిన్నగా దిగుతుంది, ఆ పేరు అందుకే వచ్చింది.

తగ్గుతున్న నిల్వల పద్ధతిలో శాతం మారదు, అది దేని మీద వేస్తామో ఆ మొత్తం మారుతుంది. ఆదాయపు పన్ను నిబంధనల్లో మామూలు యంత్రాలకు 15 శాతం. మొదటి ఏడు పది లక్షల మీద 15 శాతం, అంటే 1,50,000. మిగిలింది 8,50,000. రెండో ఏడు ఈ మిగిలిన దాని మీదే 15 శాతం, అంటే 1,27,500. మూడో ఏడు 7,22,500 మీద 1,08,375. ఇలా ప్రతి ఏటా కిందటేడు మిగిలినదే ఈ ఏటికి మొదలు. ఇక్కడ 50,000 అవశేష విలువను ముందుగా తీసేయరు. శాతం ఎప్పుడూ మిగిలిన దాని మీదే పడుతుంది కాబట్టి అది సున్నాకు ఎన్నటికీ చేరదు.

పదేళ్లకూ పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది. అన్నీ రూపాయల్లో, పైసలు దగ్గరి రూపాయికి సర్దాను.

| ఏడు | సరళరేఖ తరుగు | 15 శాతం తరుగు | 15 శాతం లెక్కలో ఏడు చివర మిగులు |
|---|---|---|---|
| 1 | 95,000 | 1,50,000 | 8,50,000 |
| 2 | 95,000 | 1,27,500 | 7,22,500 |
| 3 | 95,000 | 1,08,375 | 6,14,125 |
| 4 | 95,000 | 92,119 | 5,22,006 |
| 5 | 95,000 | 78,301 | 4,43,705 |
| 6 | 95,000 | 66,556 | 3,77,149 |
| 7 | 95,000 | 56,572 | 3,20,577 |
| 8 | 95,000 | 48,087 | 2,72,490 |
| 9 | 95,000 | 40,874 | 2,31,616 |
| 10 | 95,000 | 34,742 | 1,96,874 |

పట్టికలో రెండు చోట్ల ఆగి చూడాలి. మొదటిది నాలుగో ఏడు. అంతవరకు 15 శాతం లెక్కలో తరుగు ఎక్కువ, అక్కడి నుంచి సరళరేఖే ఎక్కువ. రెండోది చివరి వరుస. సరళరేఖలో పదేళ్లకు 9,50,000 పూర్తిగా రాసేశారు. 15 శాతం లెక్కలో అన్నీ కలిపి 8,03,126 మాత్రమే రాశారు, ఇంకా దాదాపు రెండు లక్షలు లెక్కలోనే ఉండిపోయాయి. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో ఎప్పుడూ ఎక్కువ తరుగు వస్తుందని చాలామంది అనుకుంటారు. మొదటి మూడేళ్లకే ఆ మాట నిజం.

మగ్గానికి నిజంగా ఏది సరిపోతుంది? కొత్త మగ్గం మొదటి రెండు మూడేళ్లు ఆగకుండా నడుస్తుంది. తర్వాత పికర్లు తరచూ మార్చాలి, నాడె దారి తప్పుతుంది, జకార్డులో బోర్డు పోతుంది. తరుగు తగ్గేకొద్దీ మరమ్మతు ఖర్చు పెరుగుతుంది. రెండూ కలిపి చూస్తే ఏటేటా మగ్గం మీద పడే మొత్తం భారం కాస్త సమానంగా ఉంటుంది. తగ్గుతున్న నిల్వల పద్ధతిని సమర్థించేవాళ్ల ప్రధాన వాదన ఇదే, అందులో బలముంది. పైగా కొత్త యంత్రాన్ని ఏడాది వాడి అమ్మబోతే ఎంత ధర పడిపోతుందో అందరికీ తెలుసు.

అయినా చీర ధర కట్టేటప్పుడు సరళరేఖే నయమని నా అభిప్రాయం. అన్నదమ్ముల మగ్గాలు ఏడాదికి 600 చీరలు దింపుతాయనుకోండి. సరళరేఖలో ఒక్కో చీర మీద పడే మగ్గం అరుగుదల 158 రూపాయలు, ఏటా అంతే. 15 శాతం లెక్క పెట్టుకుంటే మొదటి ఏడు చీరకు 250, పదో ఏడు 58. అదే మగ్గం, అదే చీర, అదే జరీ. పదో ఏట 58 రూపాయలే ఖర్చని నమ్మి ధర తగ్గించి అమ్మినవాడికి, పదకొండో ఏట కొత్త మగ్గం కొనాల్సి వచ్చినప్పుడు చేతిలో డబ్బు ఉండదు. కాబట్టి సొంత ఖర్చు లెక్కకు సమాన వాటా, పన్నుకు చట్టం చెప్పిన వాటా. ఈ రెండూ వేర్వేరు కాగితాలు.

సొంత పుస్తకాల్లో మగ్గం ఎన్నేళ్లు పనిచేస్తుందో అంచనా వేయడం యజమాని పనే, కానీ దానికి ఆధారం ఉండాలి. కంపెనీలకైతే 2013 కంపెనీల చట్టం రెండో షెడ్యూలు మామూలు యంత్రాలకు 15 ఏళ్ల జీవితకాలం, మించితే 5 శాతం అవశేష విలువ చెబుతుంది. అది ఒక్క షిఫ్టు నడకకు. రెండు షిఫ్టులు నడిపిన కాలానికి తరుగు 50 శాతం, మూడు షిఫ్టులకు 100 శాతం పెంచాలి. భాగస్వామ్య సంస్థకు ఆ షెడ్యూలు నేరుగా వర్తించదు. అయినా రాత్రింబగళ్లు నడిచే మగ్గానికి పదేళ్లు కట్టడం న్యాయమేనని అది చూస్తే తెలుస్తుంది.

ఇక పన్ను సంగతి. 1961 ఆదాయపు పన్ను చట్టం 32వ సెక్షన్ ప్రకారం నేత యంత్రానికి తరుగు తగ్గుతున్న నిల్వల పద్ధతిలోనే కట్టాల్సి ఉండేది. ఇందులో వ్యాపారికి ఎంపిక లేదు. 1961 చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టం వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారినా మిగిలిన విలువ మీద శాతం వేసే పద్ధతి కొనసాగింది. సొంత పుస్తకాల్లో సరళరేఖ రాసుకున్నా ఎవరూ తప్పు పట్టరు, కానీ రిటర్న్ వేసేటప్పుడు ఆ అంకెను తీసి పక్కన పెట్టి చట్టం అంకెను వేయాలి.

మొదటి ఏడు అన్నదమ్ముల సంస్థకు భాగస్వాముల జీతం, వడ్డీ పోను, తరుగుకు ముందు 6,00,000 లాభం వచ్చిందనుకుందాం. పుస్తకాల్లో సరళరేఖ తరుగు 95,000 రాస్తే లాభం 5,05,000. పన్ను లెక్క అక్కడినుంచే మొదలవుతుంది. ముందు 5,05,000కు ఆ 95,000 తిరిగి కలపాలి, 6,00,000 అవుతుంది. తర్వాత చట్టం ఇచ్చే 1,50,000 తీసేయాలి. పన్ను వేయాల్సిన ఆదాయం 4,50,000. భాగస్వామ్య సంస్థకు పన్ను 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, కలిపి 31.2 శాతం. కట్టాల్సింది 1,40,400. పుస్తకాల లాభం మీదే పన్ను కట్టి ఉంటే 1,57,560 అయ్యేది. తేడా 17,160.

తిరిగి కలపడం మరచిపోతే ఏమవుతుంది? పుస్తకాల్లో తీసేసిన 95,000 అలాగే ఉండగా పైనుంచి 1,50,000 కూడా తీసేస్తే తరుగు రెండుసార్లు తీసినట్టు. ఆదాయం 3,55,000 అని చూపిస్తారు. అది తక్కువ చూపిన ఆదాయం కింద వస్తుంది, పన్నుతోపాటు వడ్డీ, జరిమానా పడతాయి. మీ పన్ను లెక్క కాగితంలో ‘పుస్తకాల ప్రకారం తరుగు – కలపండి’, ‘చట్టం ప్రకారం తరుగు – తీయండి’ అనే రెండు వరుసలూ ఉన్నాయో లేదో చూసుకుంటే ఈ పొరపాటు ఇట్టే దొరుకుతుంది.

ఆ 17,160 మిగిలినట్టేనా? అన్నదమ్ములు అలా అనుకుని ఖర్చు పెట్టుకుంటే ఇబ్బందే. రెండో ఏడు తేడా 32,500, దాని మీద పన్ను 10,140 తక్కువ. మూడో ఏడు 4,173 తక్కువ. మూడేళ్లకు కలిపి 31,473 రూపాయల పన్ను వెనక్కి జరిగింది. నాలుగో ఏడు నుంచి బండి తిరగబడుతుంది. ఆ ఏడు చట్టం ఇచ్చే తరుగు 92,119, పుస్తకాల తరుగు కన్నా 2,881 తక్కువ. కాబట్టి పన్ను సుమారు 899 రూపాయలు ఎక్కువ. అయిదో ఏడు 5,210, ఆరో ఏడు 8,875, ఇలా పెరుగుతూ పోతుంది. ఎనిమిదో ఏడు గడిచేసరికి వెనక్కి జరిగిన 31,473 మొత్తం తిరిగి కట్టేశారు, పైగా ఇంకో పది వేల వరకు ముందే కట్టినట్టయింది.

అంటే పన్ను తగ్గలేదు, వాయిదా పడింది. లాభం ఆ వాయిదా కాలంలో డబ్బు చేతిలో ఉండటమే. ఏడేళ్లూ ఏటి చివర ఎంత పన్ను వాయిదాలో ఉందో చూసి, దాని మీద 10 శాతం చొప్పున ఓడీ వడ్డీ ఆదా అయిందని కడితే మొత్తం 15,000 రూపాయల పైచిలుకు వస్తుంది. పది లక్షల మగ్గం మీద ఏడేళ్లలో పదిహేను వేలు. ఉపయోగమే, కాదనను. కానీ తరుగు చూపించి పన్ను ఎగ్గొట్టేయొచ్చని ప్రచారం జరిగేంత పెద్ద మొత్తం కాదది. కంపెనీలు ఈ వాయిదాను ‘వాయిదా పన్ను బాధ్యత’ అని తమ ఆస్తి అప్పుల పట్టీలో చూపిస్తాయి. చిన్న సంస్థ అలా రాయకపోయినా, నాలుగో ఏడు నుంచి లాభం పెరగకుండానే పన్ను పెరుగుతుందని యజమానికి తెలిసి ఉండాలి. ఆ ఏడు కంగారు పడి ఆడిటరును మార్చినా లాభం ఏమీ లేదు.

ఇంతవరకు చెప్పింది మామూలు 15 శాతం. కొత్త యంత్రం కొని తయారీలో వాడేవాళ్లకు 1961 చట్టం మొదటి ఏడు మరో 20 శాతం అదనపు తరుగు ఇచ్చింది. నేత తయారీ కిందికే వస్తుంది. అన్నదమ్ముల మగ్గాలు కొత్తవైతే మొదటి ఏడు 1,50,000తో పాటు 2,00,000 కూడా తీయొచ్చు. మొత్తం 3,50,000, మిగులు 6,50,000. రెండో ఏడు 15 శాతం ఈ 6,50,000 మీదే పడుతుంది, అంటే 97,500. మొదటి ఏడు ఎక్కువ తీసుకుంటే తర్వాత తక్కువ వస్తుంది, వాయిదా సూత్రం ఇక్కడా అదే. వేరే ఊరి నుంచి పాత మగ్గం కొని తెచ్చుకుంటే ఈ అదనం రాదు. వ్యక్తిగా వ్యాపారం చేస్తూ కొత్త పన్ను విధానంలో ఉన్నవారికీ రాదు.

తారీకు కూడా చూసుకోవాలి. యంత్రం కొన్న ఏడాది అది 180 రోజుల కన్నా తక్కువ వాడకంలో ఉంటే సగం తరుగే ఇస్తారు. లెక్కించేది బిల్లు తారీకు నుంచి కాదు, యంత్రాన్ని పనిలో పెట్టిన రోజు నుంచి. మామూలు సంవత్సరంలో అక్టోబర్ 3న నేత మొదలుపెడితే మార్చి 31కి సరిగ్గా 180 రోజులు. నాలుగో తారీకు మొదలుపెడితే 179. అన్నదమ్ముల మగ్గాలకు ఆ ఒక్క రోజు తేడాతో మొదటి ఏటి తరుగు 1,50,000 నుంచి 75,000కు పడిపోతుంది. కనీసం మొదటి చీర దింపిన తారీకు, కరెంటు కనెక్షన్ తారీకు కాగితం మీద ఉంచుకోవాలి.

మొదటి పది లక్షల్లో ఏమేం కలుస్తాయన్నది ఇంకా ముఖ్యం, ఎందుకంటే అక్కడ జరిగిన తప్పు పదేళ్లూ వెంటాడుతుంది. మగ్గం మీద కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడుకుంటే అది ధరలో కలపకూడదు. మగ్గానికి ప్రభుత్వ సబ్సిడీ వస్తే ఆ మేరకు ధర తగ్గించాలి. ఇక నగదు. ఒకే మనిషికి ఒక రోజులో 10,000 రూపాయలకు మించి నగదు ఇచ్చి యంత్రం కొంటే ఆ నగదు మొత్తం ధరలో చేరదు. పాత మగ్గాలు చేతి నుంచి చేతికి నోట్ల కట్టలతో మారే చోట ఇది పెద్ద నష్టం. నాలుగు లక్షల మగ్గాన్ని నగదు ఇచ్చి కొన్నవాడికి దాని మీద పన్ను లెక్కలో ఒక్క రూపాయి తరుగు కూడా రాదు. అకౌంట్ పేయీ చెక్కుతోనో బ్యాంకు బదిలీతోనో కొంటే ఈ బాధ లేదు.

చిన్న సంస్థలు చాలావరకు, 1961 చట్టంలో 44ఏడీగా ఉన్న దారిలో, అంచనా లాభం చూపి రిటర్న్ వేస్తాయి. టర్నోవరులో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకాల మీద 6 శాతం లాభమని ఒప్పుకుంటే చాలు, లెక్కల పుస్తకాలు చూపనక్కర్లేదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ లాభంలోంచి తరుగు విడిగా తీయనివ్వరు, కానీ తరుగు తీసినట్టే భావిస్తారు. మన అన్నదమ్ములు మొదటి మూడేళ్లు ఆ దారిలో వెళ్లి, నాలుగో ఏడు మామూలు లెక్కకు వచ్చారనుకోండి. మగ్గం విలువ పది లక్షలని మొదలుపెట్టడానికి వీల్లేదు. మూడేళ్ల తరుగు పోయిందనుకుని 6,14,125 దగ్గరే మొదలుపెట్టాలి. మామూలు లెక్కలో కూడా ఏదైనా ఏడు తరుగు తీసుకోవడం మానేస్తే అది తర్వాతి ఏడుకు దాచుకున్నట్టు కాదు. తీసుకున్నా మానినా తీసుకున్నట్టే చట్టం లెక్క కడుతుంది.

అమ్మేటప్పుడు పుస్తకం, పన్ను మళ్లీ విడిపోతాయి. అయిదేళ్లు నడిపాక ఆరో ఏడు మగ్గాలను 3,00,000కు అమ్మేశారనుకుందాం. పుస్తకాల్లో వాటి విలువ అప్పటికి 5,25,000. కాబట్టి 2,25,000 నష్టం రాస్తారు. పన్ను లెక్కలో మగ్గానికి విడి పేరు ఉండదు. ఒకే శాతం తరుగుండే యంత్రాలన్నీ ఒకే కట్ట. కట్టలో ఇతర యంత్రాలు ఇంకా ఉంటే అమ్మకం డబ్బు ఆ కట్ట విలువలోంచి తీసేస్తారు. ఈ మగ్గాల వంతు 4,43,705లో 3,00,000 పోను 1,43,705 కట్టలోనే ఉండి, ఏటా 15 శాతం చొప్పున కరుగుతుంది. నష్టమని ఒకేసారి తీయనివ్వరు. ఆ మగ్గాలే కట్టలోని చివరి యంత్రాలైతే 1,43,705 స్వల్పకాలిక మూలధన నష్టం అవుతుంది. దాన్ని చీరల లాభంలోంచి తీసుకోవడానికి వీలుండదు, మూలధన లాభంతోనే సర్దుకోవాలి. అందుకే పాత మగ్గాలన్నీ ఒక ఏడు అమ్మేసి కొత్తవి మరుసటి ఏడు కొనడం కన్నా, మార్చి 31 లోపే కొత్త మగ్గాన్ని కట్టలో చేర్చి ఉంచడం తెలివైన పని.

సరళరేఖను చట్టం అసలెవరికీ ఇవ్వదా అంటే, అది దొరికేవాళ్లు మా తాలూకాలోనే ఉన్నారు. పావగడ సౌర పార్కు. తిరుమణి చుట్టూ అయిదు ఊళ్లలో సుమారు 13,000 ఎకరాలు రైతుల దగ్గర కౌలుకు తీసుకుని 2,050 మెగావాట్ల ప్యానెళ్లు పరిచారు. కరెంటు తయారుచేసే సంస్థలకు మాత్రం పన్ను లెక్కలో కూడా సరళరేఖ ఎంచుకునే వెసులుబాటు ఉంది. మొదటి రిటర్న్ గడువులోపే ఎంచుకోవాలి, ఎంచుకున్నాక మారడానికి లేదు. ఎంచుకోకపోతే సౌర పరికరాలకు తగ్గుతున్న నిల్వ మీద 40 శాతం. 2017 ఏప్రిల్‌కు ముందు అది 80 శాతం ఉండేది. 40 శాతం లెక్కన మూడేళ్లకే 78.4 శాతం విలువ రాసేస్తారు. 25 ఏళ్లకు ఒకే ధర ఒప్పుకుని కరెంటు అమ్మే సంస్థకు మొదటి ఏళ్లలో అంత తరుగు తీసేంత లాభమే ఉండకపోవచ్చు. మిగిలిన తరుగును ఎన్నేళ్లయినా ముందుకు తీసుకెళ్లే వీలుంది కాబట్టి చాలా సంస్థలకు 40 శాతమే లాభం. సమానంగా వచ్చే రాబడికి సమానమైన ఖర్చు కావాలనుకునేవాళ్లకు సరళరేఖ ఉంది. ఎదురుగా చీర నేసేవాడికి ఆ ఎంపిక లేదు. చిన్న తయారీదారుకూ ఈ వెసులుబాటు ఇస్తే పుస్తకం ఒకటి, పన్ను కాగితం ఒకటి నడిపే బాధ తప్పుతుందని నేను నమ్ముతాను. చట్టం ఇంకా ఆ మాట వినలేదు.

అంతవరకు మగ్గం ఉన్న ప్రతివారూ ఏడాదికొకసారి ఆడిటరు దగ్గర రెండు కాగితాలు అడిగి తీసుకోండి. ఒకటి పన్ను లెక్క, రెండోది యంత్రాల కట్ట పట్టీ. కిందటేడు పట్టీలో చివర ఉన్న మిగులే ఈ ఏడు పట్టీలో మొదట ఉందో లేదో మీరే పోల్చి చూడండి. ఆ రెండు అంకెలూ ఒకటి కాకపోతే రిటర్న్ మీద సంతకం పెట్టే ముందే అడగండి.